మ్యామరీ గ్లాండ్ స్లైడ్: రెస్టింగా, ప్రెగ్నెన్సీదా, లాక్టేటింగా అని ఎలా చెప్పాలి

హిస్టాలజీ స్పాటర్స్‌లో మ్యామరీ గ్లాండ్ వస్తే చాలామంది గ్లాండ్ పేరు వరకు కరెక్ట్‌గానే రాస్తారు, స్టేజ్ దగ్గరకి వచ్చేసరికి తడబడతారు. ఎందుకంటే అందరూ ఒకటే గుర్తుపెట్టుకుని వస్తారు, ఆల్వియోలై తక్కువుంటే రెస్టింగ్, ఎక్కువుంటే లాక్టేటింగ్ అని. ఆ రూల్‌తో రెస్టింగ్ స్లైడ్ గట్టెక్కుతుంది, కానీ ప్రెగ్నెన్సీ స్లైడ్ పెడితే మాత్రం ఎటూ తేలదు, అందులో కూడా ఆల్వియోలై బోలెడు ఉంటాయి కదా. అందుకని ఇక్కడ నేను చెప్పేది వేరే వరసలో ఉంటుంది. గ్లాండ్‌ని తర్వాత చూద్దాం, ముందు గ్లాండ్ మధ్యలో ఉన్న ఖాళీని, అంటే కనెక్టివ్ టిష్యూని చూడండి. నేను స్టూడెంట్స్‌కి ఎప్పుడూ ఈ వరసలోనే చూడమంటాను, ఎందుకంటే మూడు స్టేజ్‌లలోనూ మారేది ప్రధానంగా గ్లాండ్‌కీ స్ట్రోమాకీ మధ్య ఉన్న నిష్పత్తే.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం క్లియర్‌గా ఉండాలి, లేకపోతే కింద చెప్పేదంతా గాల్లో ఉంటుంది. రొమ్ములో 15 నుంచి 20 దాకా లోబ్‌లు ఉంటాయి, ఒక్కో లోబ్‌కి ఒక లాక్టిఫెరస్ డక్ట్, అది నిపుల్ దగ్గర బయటికి తెరుచుకుంటుంది. లోబ్ లోపల డక్ట్ కొమ్మలు వేసుకుంటూ పోయి పోయి చివర్లో సన్నటి డక్ట్యూల్స్ గుంపుగా ఆగిపోతుంది, ఆ గుంపే లోబ్యూల్. ఈ లోబ్యూల్ లోపల, డక్ట్యూల్స్ మధ్యలో ఉండే కనెక్టివ్ టిష్యూ వదులుగా, లేతగా, సెల్స్ ఎక్కువగా ఉంటుంది, దీన్ని ఇంట్రాలోబ్యులార్ అంటాం. ఒక లోబ్యూల్‌కీ ఇంకో లోబ్యూల్‌కీ మధ్య ఉండేది మాత్రం గట్టిది, లావు లావు కొల్లాజెన్ కట్టలు, వాటి మధ్య ఫ్యాట్, ఇది ఇంటర్‌లోబ్యులార్. ఈ రెండు స్ట్రోమాలు వేర్వేరుగా కనిపించడం మొదలైతే ఇక మీకు స్లైడ్ చదవడం వచ్చినట్టే.

ముందు స్లైడ్‌ని చేత్తో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూడండి. మైక్రోస్కోప్ కింద పెట్టకముందే సగం సమాచారం ఇక్కడ దొరుకుతుంది, చాలామంది ఈ పని అసలు చెయ్యరు. హెచ్ అండ్ ఈ స్టెయిన్‌లో రెస్టింగ్ స్లైడ్ మొత్తం గులాబీ రంగులో ఉండి అక్కడక్కడ చిన్న చిన్న ఊదా చుక్కలు కనిపిస్తాయి, ఆ చుక్కలే లోబ్యూల్స్. ప్రెగ్నెన్సీ స్లైడ్‌లో ఆ ఊదా చుక్కలు పెద్ద మచ్చలవుతాయి, వాటి మధ్య గులాబీ దారులు ఇంకా తెలుస్తుంటాయి. లాక్టేటింగ్‌లో దాదాపు స్లైడ్ అంతా ఊదాగా నిండిపోయి ఉంటుంది, దారులు సన్నటి గీతలైపోతాయి. పాత స్లైడ్ అయితే ఇయోసిన్ వెలిసిపోయి అంతా పాలిపోయినట్టు ఉంటుంది, అప్పుడు రంగు మీద ఆధారపడకుండా మచ్చల సైజు మాత్రం చూడండి.

ఇప్పుడు 4ఎక్స్ పెట్టండి. ఇక్కడ తొందరపడి 40ఎక్స్‌కి పోవద్దు, ఈ స్లైడ్‌కి సంబంధించినంతవరకు డయాగ్నోసిస్ 4ఎక్స్‌లోనే అవుతుంది, 40ఎక్స్ దాన్ని ఖాయం చేసుకోవడానికి. స్లైడ్‌ని ఒక మూల నుంచి ఇంకో మూలకి మెల్లగా జరుపుతూ ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈ ఫీల్డ్‌లో స్ట్రోమా ఎంత, గ్లాండ్ ఎంత. ఒక ఫీల్డ్ చూసి ఆగొద్దు, కనీసం నాలుగైదు చోట్ల చూడండి, ఎందుకంటే రెస్టింగ్ స్లైడ్‌లో కూడా సరిగ్గా ఒక పెద్ద లోబ్యూల్ మీద ఫోకస్ పడితే అబ్బో ఇంత గ్లాండ్ ఉందా అనిపిస్తుంది, పక్కకి జరిపితే అంతా కొల్లాజెనే.

ఫీల్డ్‌లో ఎక్కువ భాగం గట్టి గులాబీ కొల్లాజెన్, ఫ్యాట్ సెల్స్, మధ్యలో దూరం దూరంగా చిన్న దీవుల్లా లోబ్యూల్స్ ఉంటే అది రెస్టింగ్. ఆ లోబ్యూల్ చుట్టూ జాగ్రత్తగా చూస్తే లోపలి లేత రంగు స్ట్రోమా ఎక్కడ ఆగిపోయి బయటి ముదురు రంగు స్ట్రోమా ఎక్కడ మొదలవుతుందో గీత గీసినట్టు తెలుస్తుంది. లోబ్యూల్స్ కాకుండా విడిగా పెద్ద డక్ట్స్ కూడా ఉంటాయి, అవి ఇంటర్‌లోబ్యులార్ స్ట్రోమాలో ఒంటరిగా ఉంటాయి, లుమెన్ బాగా తెరుచుకుని ఉంటుంది. వాటిని చూసి ఆల్వియోలై అని రాయకండి.

అసలు రెస్టింగ్‌లో ఆల్వియోలై ఉంటాయా అని వైవాలో తప్పకుండా అడుగుతారు. పాలు తయారుచేసే సిసలైన ఆల్వియోలై రెస్టింగ్ గ్లాండ్‌లో ఉండవు, లోబ్యూల్‌లో మీకు కనిపించే చిన్న గుండ్రటి కట్స్ అన్నీ డక్ట్యూల్స్ చివర్లే. కొన్ని పుస్తకాలు వాటినే చిన్న ఆల్వియోలై అని కూడా రాస్తాయి కాబట్టి మీరు "డక్ట్స్ ప్రధానంగా ఉన్నాయి, సెక్రటరీ ఆల్వియోలై అభివృద్ధి కాలేదు" అని చెబితే ఎవరూ తప్పు పట్టలేరు.

రెస్టింగ్‌ని 10ఎక్స్‌లో ఒకసారి చూసి, ఇప్పుడు 40ఎక్స్‌కి పొండి. ఒక డక్ట్యూల్‌ని మధ్యలోకి తెచ్చి ఫైన్ ఫోకస్ కొంచెం అటూ ఇటూ తిప్పుతూ గోడని చూడండి. రెండు వరుసలు కనిపించాలి. లోపల లుమెన్ వైపు క్యూబాయిడల్ సెల్స్, న్యూక్లియస్ గుండ్రంగా ఉంటుంది. వాటి కింద, బేస్‌మెంట్ మెంబ్రేన్‌కి ఆనుకుని ఇంకో వరుస, న్యూక్లియస్ సన్నగా, చదునుగా, డక్ట్ చుట్టూ పడుకున్నట్టు ఉంటుంది, అవి మయోఎపిథీలియల్ సెల్స్. ఎపిథీలియల్ సెల్సే కానీ లోపల యాక్టిన్, మయోసిన్ ఉంటాయి, ముడుచుకుంటాయి. రేపు పాలు బయటికి నెట్టేవి ఇవే, ఆక్సిటోసిన్ పనిచేసేది వీటిమీదే. మూడు స్లైడ్‌లలో వీటిని తేలిగ్గా చూడగలిగేది రెస్టింగ్‌లోనే, అందుకే ఇక్కడే కళ్ళకి అలవాటు చేసుకోండి.

ఇంకో సంగతి, రెస్టింగ్ స్లైడ్‌లన్నీ ఒకేలా ఉండవు. నెలసరి సైకిల్‌తో పాటు ఇవి కూడా మారతాయి. ఫాలిక్యులర్ ఫేజ్‌లో తీసిన టిష్యూ అయితే డక్ట్యూల్స్ లుమెన్ దాదాపు మూసుకుపోయి చిన్న సెల్ ముద్దల్లా ఉంటాయి, ల్యూటియల్ ఫేజ్‌లో అయితే సెల్స్ కొంచెం ఎత్తు పెరిగి, లుమెన్ తెరుచుకుని, లోబ్యూల్ లోపలి స్ట్రోమా నీరు పట్టి ఇంకా పాలిపోయినట్టు ఉంటుంది. పీరియడ్స్ ముందు రొమ్ము బరువుగా అనిపించడానికి ఈ నీరు పట్టడం ఒక కారణం. కాబట్టి లుమెన్ కనిపించింది కదా అని ప్రెగ్నెన్సీ అనేయకండి, మళ్ళీ 4ఎక్స్‌కి వెళ్ళి స్ట్రోమా ఎంత ఉందో చూసుకోండి, అదే తేలుస్తుంది.

ఇప్పుడు ప్రెగ్నెన్సీ స్లైడ్. అసలు కష్టం ఇక్కడే, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం. ప్రెగ్నెన్సీ అనేది ఒక్క చిత్రం కాదు, తొమ్మిది నెలల మార్పు, మీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న స్లైడ్ అందులో ఏదో ఒక పాయింట్ దగ్గర తీసింది. మొదటి మూడు నెలల్లో డక్ట్యూల్స్ పొడుగవుతాయి, కొమ్మలు వేస్తాయి, ఎపిథీలియల్ సెల్స్‌తో పాటు మయోఎపిథీలియల్ సెల్స్ కూడా పెరుగుతాయి, దీని వెనక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, ప్రొలాక్టిన్, ప్లసెంటా నుంచి వచ్చే లాక్టోజెన్ అన్నీ ఉంటాయి. రెండో మూడు నెలల్లో ఆ చివర్లు ఆల్వియోలైగా విడిపోయి లుమెన్ తెరుచుకుంటుంది. చివరి మూడు నెలల్లో ఆల్వియోలై సెల్స్‌లో సెక్రెషన్ తయారవడం మొదలవుతుంది, ఫ్యాట్ చుక్కలు కూడా కనపడతాయి, లుమెన్‌లో కొంచెం గులాబీ పదార్థం చేరుతుంది. గ్లాండ్ అలా పెరుగుతున్న కొద్దీ అదే చోటులో ఉన్న కొల్లాజెన్, ఫ్యాట్ తగ్గుతూ వస్తాయి, అందుకే నిష్పత్తి మారుతుంది.

4ఎక్స్‌లో చూస్తే లోబ్యూల్స్ పెద్దవై ఒకదానికొకటి దగ్గరకొచ్చి ఉంటాయి, కానీ మధ్యలో సెప్టమ్, అంటే లోబ్యూల్స్‌ని విడదీసే ఇంటర్‌లోబ్యులార్ స్ట్రోమా గోడ, ఇంకా చెప్పుకోదగ్గ వెడల్పుగానే ఉంటుంది. ఫ్యాట్ సెల్స్ కూడా పూర్తిగా పోవు. తర్వాత 10ఎక్స్‌లో ఒక లోబ్యూల్ లోపల ఆల్వియోలై మధ్య ఖాళీని చూడండి. ప్రెగ్నెన్సీలో అక్కడ స్ట్రోమా తగ్గినా ఇంకా ఉంటుంది, అందులో చిన్న చిన్న ముదురు న్యూక్లియస్ చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. 40ఎక్స్ పెట్టి చూస్తే అవి లింఫోసైట్స్, ప్లాస్మా సెల్స్, కొన్నిసార్లు ఇయోసినోఫిల్స్. ప్లాస్మా సెల్‌ని పట్టుకోవడం తేలికే, న్యూక్లియస్ ఒక పక్కకి జరిగి ఉంటుంది, క్రొమాటిన్ గుత్తులు గుత్తులుగా అంచుకి అంటుకుని ఉంటుంది, సైటోప్లాజమ్ ఊదాగా ఉండి న్యూక్లియస్ పక్కన చిన్న పాలిపోయిన మచ్చ ఉంటుంది. ఇవి ఎందుకు వచ్చాయి అంటే, బిడ్డకి ముర్రుపాలలో పోయే ఐజీఏ యాంటీబాడీలు తయారుచేసేది ఈ ప్లాస్మా సెల్సే. అవి స్ట్రోమాలో వదిలిన ఐజీఏని ఆల్వియోలార్ సెల్స్ అందుకుని తమలోంచి దాటించి లుమెన్‌లోకి పంపిస్తాయి. ఈ ఒక్క సెల్‌ని చూపించి ఆ కథ చెప్పగలిగితే వైవాలో ఎగ్జామినర్ ఇంక ముందుకు అడగడు, నేను అలా చాలామందిని చూశాను.

లుమెన్‌ల సంగతి చూడండి ఇప్పుడు. ప్రెగ్నెన్సీ లోబ్యూల్‌లో ఆల్వియోలై అన్నీ ఒకే దశలో ఉండవు, ఒకే లోబ్యూల్‌లో ఒక మూల బాగా తెరుచుకున్నవి, పక్కనే ఇంకా లుమెన్ రాని సెల్ ముద్దలు కలిసే ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే లాక్టేటింగ్‌లో కూడా తేడాలు ఉంటాయి కానీ ఆ తేడాల స్వభావం వేరు, దాని గురించి కింద చెప్తాను. ఇక్కడ ఒక జాగ్రత్త, సెల్ ముద్ద కనిపించిన ప్రతిచోటా ఇంకా తెరుచుకోలేదు అనుకోకూడదు, ఆల్వియోలస్ గోడని కత్తి పక్కగా కోసుకుపోతే కూడా లుమెన్ లేని ముద్దలాగే కనపడుతుంది. అందుకే ఒక్క ముద్దని చూసి కాదు, లోబ్యూల్ మొత్తంలో ఎన్ని అలా ఉన్నాయో చూసి చెప్పాలి.

లాక్టేటింగ్ స్లైడ్‌కి వస్తే 4ఎక్స్‌లో పెట్టగానే ఫీల్డ్ అంతా జల్లెడలా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. లోబ్యూల్స్ ఒకదానికొకటి ఆనుకుపోయి ఉంటాయి, మధ్యలో సెప్టమ్ సన్నగా సాగిపోయి ఉంటుంది, ఫ్యాట్ సెల్స్ వెతుక్కోవాలి. లోబ్యూల్ లోపల అయితే ఆల్వియోలస్‌కీ ఆల్వియోలస్‌కీ మధ్య స్ట్రోమా దాదాపు కనపడదు, క్యాపిలరీ పట్టేంత చోటు తప్ప. ఆ సెప్టమ్‌లోనే ఇంటర్‌లోబ్యులార్ డక్ట్స్ ఉంటాయి, వాటి లుమెన్‌లో కూడా గులాబీ సెక్రెషన్ కనిపిస్తే అది చాలా మంచి ఆధారం, పాలు తయారవడమే కాదు, ప్రవహిస్తున్నాయి అని చెప్పే గుర్తు.

40ఎక్స్‌లో ఒక ఆల్వియోలస్ తీసుకుని మూడు చోట్ల చూడండి, సెల్ ఎత్తు, సెల్‌లో ఖాళీలు, లుమెన్‌లో ఉన్నది. సెల్స్ ఒకే వరుసలో ఉంటాయి, పాలు తయారవుతున్న ఆల్వియోలస్‌లో అవి పొడుగ్గా ఉండి కింది భాగం ఊదాగా ఉంటుంది, ప్రోటీన్ తయారుచేసే రఫ్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అక్కడే ఎక్కువ ఉండడమే దానికి కారణం. పాలతో నిండి సాగిపోయిన ఆల్వియోలస్‌లో అవే సెల్స్ చదునుగా అయిపోతాయి. సెల్ పైభాగంలో గుండ్రటి తెల్లటి ఖాళీలు ఉంటాయి, అవి ఫ్యాట్ చుక్కలు ఉన్న చోట్లు. టిష్యూ ప్రాసెసింగ్‌లో ఆల్కహాల్, జైలీన్ ఆ ఫ్యాట్‌ని కరిగించేశాయి, అందుకే ఖాళీగా కనిపిస్తున్నాయి. ఆస్మియం టెట్రాక్సైడ్‌తో చేసిన స్లైడ్ అయితే ఫ్యాట్ కరగకుండా నల్లటి చుక్కలుగా నిలబడుతుంది, మీ డిపార్ట్‌మెంట్‌లో అలాంటిది ఒకటి ఉంటే తప్పకుండా అడిగి చూడండి. లుమెన్‌లో గులాబీ పదార్థం ప్రోటీన్, దాని మధ్యలో గుండ్రటి ఖాళీలు మళ్ళీ ఫ్యాట్.

ఈ ఫ్యాట్ బయటికి వచ్చే పద్ధతి వేరు, ప్రోటీన్ వచ్చే పద్ధతి వేరు. ప్రోటీన్ వెసికిల్స్‌లో వచ్చి మెంబ్రేన్‌తో కలిసిపోయి వదిలేస్తుంది, అది మెరోక్రైన్. ఫ్యాట్ చుక్క మాత్రం సెల్ పైభాగాన్ని నెట్టుకుంటూ వచ్చి, సెల్ మెంబ్రేన్‌ని, సన్నటి సైటోప్లాజమ్ పొరతో సహా చుట్టుకుని తెగి పడుతుంది, అది అపోక్రైన్. ఒకే సెల్ రెండు పద్ధతుల్లో స్రవిస్తుంది, కాబట్టి "మోడ్ ఆఫ్ సెక్రెషన్ ఏంటి" అంటే ఒక్కటే చెప్పి ఊరుకోకండి.

ఇప్పుడు పైన వాయిదా వేసిన తేడాల సంగతి. లాక్టేటింగ్ గ్లాండ్‌లో అన్ని లోబ్యూల్స్ ఒకేసారి ఒకే పని చెయ్యవు, ఒక లోబ్యూల్ పాలతో నిండి ఆల్వియోలై ఉబ్బి, సెల్స్ చదునై ఉంటే, పక్క లోబ్యూల్ ఖాళీ అయ్యి ఆల్వియోలై కుదించుకుపోయి సెల్స్ మళ్ళీ ఎత్తుగా ఉంటాయి. అంటే ఇక్కడ తేడా నిండడం, ఖాళీ అవ్వడం వల్ల వచ్చింది. నిండిందైనా ఖాళీదైనా ప్రతి ఆల్వియోలస్‌కీ లుమెన్ ఉంటుంది. ప్రెగ్నెన్సీలో తేడా పెరుగుదల వల్ల వచ్చింది, కొన్ని పెరిగాయి, కొన్ని ఇంకా లుమెన్ కూడా రాలేదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే ప్రెగ్నెన్సీ, లాక్టేటింగ్ కన్‌ఫ్యూజన్ చాలావరకు పోతుంది.

ఒక స్లైడ్‌ని మొదటినుంచి చివరిదాకా కలిసి చదువుదాం. మైక్రోస్కోప్‌లో 4ఎక్స్ ఉంది. లోబ్యూల్స్ దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఫీల్డ్‌లో సగానికి పైగా గ్లాండే, కాబట్టి రెస్టింగ్ కాదు, అది పక్కన పెట్టేయొచ్చు. ఆల్వియోలై తెరుచుకుని ఉన్నాయి, కొన్నింట్లో గులాబీ పదార్థం కూడా ఉంది. ఇక్కడే సెక్రెషన్ ఉంది కదా అని లాక్టేటింగ్ రాసేస్తారు చాలామంది. ఆగండి. సెప్టమ్ చూడండి, వెడల్పుగానే ఉంది, ఒకచోట ఫ్యాట్ సెల్స్ గుంపు ఉంది. 10ఎక్స్‌లో లోబ్యూల్ లోపలికి వెళ్తే ఆల్వియోలై ఒకదానికొకటి అంటుకోలేదు, మధ్యలో లేత స్ట్రోమా, అందులో ముదురు చుక్కలు. ఒక పక్క ఆల్వియోలై పెద్దగా, ఇంకో పక్క సెల్ ముద్దలు, స్లైడ్ జరిపి వేరే లోబ్యూల్స్ చూసినా అలాగే ఉంది, కాబట్టి గోడని పక్కగా కోసినందువల్ల వచ్చింది కాదు. 40ఎక్స్‌లో ఆ ముదురు చుక్కల్లో ప్లాస్మా సెల్స్ దొరికాయి, ఆల్వియోలార్ సెల్స్‌లో చిన్న ఖాళీలు కొన్ని ఉన్నాయి కానీ లుమెన్‌లో సెక్రెషన్ కొద్దిగానే ఉంది. చివరిగా సెప్టమ్‌లో డక్ట్ చూస్తే లుమెన్ ఖాళీ. ఇవన్నీ కలిపితే ఇది ప్రెగ్నెన్సీ, అది కూడా చివరి నెలలకి దగ్గరగా ఉన్నది. ఇందులో గమనించండి, ఆల్వియోలస్ ఒక్కదాన్నే చూసి ఉంటే తప్పు రాసేవాళ్ళం, సెప్టమ్ చూడబట్టి సరిపోయింది.

అయితే నెలలు నిండిన గ్లాండ్‌కీ కాన్పు అయిన మొదటి రోజుల గ్లాండ్‌కీ మధ్య గోడ ఏమీ లేదు, అది ఒకే ప్రవాహం. కాన్పు అయ్యాక ప్లసెంటా వెళ్ళిపోయి ప్రొజెస్టెరాన్ పడిపోతేనే ప్రొలాక్టిన్ పూర్తిగా పనిచెయ్యడం మొదలవుతుంది, అప్పటిదాకా గ్లాండ్ సిద్ధంగా ఉండి ఆగి ఉంటుంది. మొదట వచ్చే ముర్రుపాలలో ప్రోటీన్ ఎక్కువ, ఫ్యాట్ తక్కువ, కాబట్టి ఆ రోజుల స్లైడ్‌లో పెద్ద పెద్ద ఫ్యాట్ ఖాళీలు ఆశించకూడదు. ఆ సరిహద్దు దగ్గరి స్లైడ్‌ని ఒక్క ఫీల్డ్ చూసి తేల్చడం ఎవరివల్లా కాదు, ఎగ్జామ్‌లో కూడా సాధారణంగా అలాంటిది పెట్టరు.

ఇంకో పక్క లుమెన్ ఖాళీగా ఉందని లాక్టేటింగ్ కాదు అనుకోకండి. సెక్షన్ కోసేటప్పుడు, స్టెయిన్ చేసేటప్పుడు సెక్రెషన్ కొట్టుకుపోవచ్చు, లేదా ఆ లోబ్యూల్ అప్పుడే ఖాళీ అయ్యి ఉండొచ్చు. అప్పుడు ఆధారపడాల్సింది సెప్టమ్ వెడల్పు, ఆల్వియోలై మధ్య ఖాళీ, సెల్ పైభాగంలో వాక్యూల్స్. మయోఎపిథీలియల్ సెల్స్ లాక్టేటింగ్‌లో సాగిపోయి సన్నటి న్యూక్లియస్ గీతల్లా ఉంటాయి, దొరికితే దొరికాయి, దొరకలేదని కంగారు పడక్కర్లేదు. రిపోర్టింగ్ చేసే పాథాలజీ వాళ్ళకి కూడా వీటిని ఖాయంగా చూడాలంటే పీ63, స్మూత్ మజిల్ యాక్టిన్ లాంటి ఇమ్యునో స్టెయిన్లు కావాలి.

లాక్టేటింగ్ స్లైడ్‌తో పొరపాటు పడేది ఎక్కువగా థైరాయిడ్‌తో. రెండింట్లోనూ గుండ్రటి ఖాళీలు, ఒకే వరుస సెల్స్, మధ్యలో గులాబీ పదార్థం. కొలాయిడ్ అంచుల్లో కూడా పళ్ళు పళ్ళుగా ఖాళీలు ఉంటాయి, వాటిని చూసి ఫ్యాట్ వాక్యూల్స్ అనుకుంటారు. తేడా ఏంటంటే థైరాయిడ్‌లో ఆ ఖాళీలు కొలాయిడ్ అంచుకే ఉంటాయి, మధ్యభాగం నున్నగా ఒకే రంగులో ఉంటుంది, పాలలో ఖాళీలు మధ్యలో కూడా రకరకాల సైజుల్లో ఉంటాయి, సెల్స్ లోపల కూడా ఉంటాయి. దానికంటే గట్టి గుర్తు డక్ట్. థైరాయిడ్ ఎండోక్రైన్ గ్లాండ్, అందులో డక్ట్ అనేదే ఉండదు. కాబట్టి స్లైడ్ జరుపుతూ పోయి సెప్టమ్‌లో ఒక డక్ట్ పట్టుకోండి, చాలు. ప్రోస్టేట్‌తో కూడా కొందరు పొరపడతారు, అక్కడ గ్లాండ్స్ మధ్య స్మూత్ మజిల్ కట్టలు దండిగా ఉంటాయి, ఎపిథీలియం మడతలు మడతలుగా లోపలికి వస్తుంది, లుమెన్‌లో పొరలు పొరలుగా ఉండే కార్పోరా అమైలేసియా ఉంటాయి. అయితే వెటర్నరీ చదివేవాళ్ళు జాగ్రత్త, ఆవు పొదుగు స్లైడ్‌లో కూడా కార్పోరా అమైలేసియా మామూలుగానే కనిపిస్తాయి, అవి ఉన్నాయని ప్రోస్టేట్ రాసెయ్యకండి, చుట్టూ స్మూత్ మజిల్ ఉందో లేదో చూసుకుని రాయండి.

రికార్డ్‌లో బొమ్మ దగ్గర ఒక్కటే గట్టిగా చెప్తాను. చాలా రికార్డుల్లో మూడు బొమ్మలూ ఒకేలా ఉంటాయి, కేవలం గుండ్రాల సంఖ్య పెంచుకుంటూ పోతారు. అలా కాకుండా ముందు పింక్ పెన్సిల్ తీసుకుని స్ట్రోమా వేసెయ్యండి. రెస్టింగ్‌కి పేజీలో ఎక్కువ భాగం గట్టి గీతలతో కొల్లాజెన్, ఒక మూల ఫ్యాట్ సెల్స్, మధ్యలో ఒకటి రెండు చిన్న లోబ్యూల్స్ చోటు మాత్రం వదలండి. ఆ చోటులో చుక్కలు చుక్కలుగా లేత స్ట్రోమా వేసి తర్వాత పర్పుల్‌తో రెండు వరుసల సెల్స్‌తో డక్ట్యూల్స్ వెయ్యండి. ప్రెగ్నెన్సీకి సెప్టమ్‌ని ఒక వేలు వెడల్పు దారిలా వదిలి రెండు పెద్ద లోబ్యూల్స్, లోపల ఆల్వియోలై మధ్య ఖాళీలో ముదురు చుక్కలు. లాక్టేటింగ్‌కి సెప్టమ్ సన్నటి గీత, అందులో సెక్రెషన్ ఉన్న ఒక డక్ట్, ఒక లోబ్యూల్‌లో ఉబ్బిన ఆల్వియోలై, పక్క లోబ్యూల్‌లో కుదించుకున్నవి, లుమెన్‌లో పింక్ వేసి మధ్యలో గుండ్రటి ఖాళీలు తెల్లగా వదలండి. పింక్ మొత్తం పూసేసి తర్వాత రబ్బరుతో ఖాళీలు చెరపాలంటే రాదు, ముందే వదలాలి.

స్పాటర్ షీట్ మీద రాసేటప్పుడు గ్లాండ్ పేరు, స్టేజ్ రెండూ ఒకే లైన్‌లో రాయండి. ఐడెంటిఫికేషన్ పాయింట్స్‌లో మొదటిది ఎప్పుడూ స్ట్రోమా, గ్లాండ్ నిష్పత్తి గురించి ఉండాలి, రెండోది ఆ స్టేజ్‌కే ప్రత్యేకమైనది. రెస్టింగ్‌కి డక్ట్స్ ప్రధానంగా ఉండడం, ప్రెగ్నెన్సీకి ఇంకా నిలిచి ఉన్న సెప్టమ్‌తో పాటు స్ట్రోమాలో ప్లాస్మా సెల్స్, లాక్టేటింగ్‌కి వాక్యూల్స్ ఉన్న సెక్రెషన్, నిండిన, ఖాళీ అయిన లోబ్యూల్స్ పక్కపక్కనే ఉండడం. "ఆల్వియోలై ఉన్నాయి" అన్న పాయింట్ ఒక్కటే రాస్తే అది ప్రెగ్నెన్సీకీ పనికొస్తుంది, లాక్టేటింగ్‌కీ పనికొస్తుంది, అందుకే దానికి మార్క్ పడదు.